మీటింగులు తగ్గకుండానే పెరిగే గంటలు

మీటింగుల వల్ల ఎంత సమయం పోతోందని అడిగితే చాలా ఆఫీసుల్లో మీటింగుల నిడివి కూడి చెబుతారు. వారానికి 6 గంటలు మీటింగుల్లో గడిస్తే మిగతా 34 గంటలు పనికి ఉన్నాయన్నది వారి లెక్క. ప్రోగ్రాం రాసేవారికీ, డిజైన్ గీసేవారికీ, పెద్ద నివేదిక తయారుచేసేవారికీ ఈ లెక్క సరిపోదు. అలాంటి పనిలో ముందు రోజు ఎక్కడ ఆపారో గుర్తుచేసుకుని, విషయమంతా మళ్లీ మనసులోకి తెచ్చుకునేసరికే పావుగంటో ఇరవై నిమిషాలో గడిచిపోతాయి. 3 గంటలకు మీటింగు ఉందని తెలిస్తే 2 గంటలకు కష్టమైన పని మొదలుపెట్టడానికి చేయి రాదు. ఆ గంట మెయిళ్లు చూడటానికీ, చిల్లర పనులకూ పోతుంది. మీటింగు అరగంటే అయినా దానికి ముందున్న గంటనూ వెనకున్న గంటనూ అది పనికిరాకుండా చేస్తుంది.

అమెరికన్ ప్రోగ్రామర్, వ్యాసకర్త పాల్ గ్రాహం 2009లో రాసిన ఒక వ్యాసంలో ఈ తేడాను స్పష్టంగా చెప్పాడు. మేనేజర్ల రోజు గంటల ముక్కలుగా నడుస్తుంది. ఖాళీ గంట దొరికితే అందులో ఇంకో మీటింగు పెట్టుకోవడం వారికి సహజం. తయారుచేసే పనిలో ఉన్నవారి రోజు మాత్రం పూటల లెక్కన నడుస్తుంది, ఉదయం ఒక పూట, మధ్యాహ్నం ఒక పూట. పూట మధ్యలో మీటింగు పడితే ఆ పూట రెండు ముక్కలవుతుంది, రెండింటిలో ఏ ముక్కా పెద్ద పనికి చాలదు. మీటింగులు ఎప్పుడు జరగాలో నిర్ణయించేది ఎక్కువగా మేనేజర్లే కాబట్టి నష్టం ఎక్కడ జరుగుతోందో వారి క్యాలెండరులో కనిపించదు.

దీనికి రెండు విరుగుళ్లు వాడుకలో ఉన్నాయి. వారంలో ఒక రోజు మీటింగులే పెట్టకూడదని నియమం చేసుకోవడం మొదటిది. అసానా కంపెనీ చాలాకాలంగా బుధవారాన్ని అలా ఉంచుతోంది. కెనడాకు చెందిన షాపిఫై 2023 జనవరిలో ఇంకా ముందుకెళ్లి, ఇద్దరికి మించి పాల్గొనే నిత్య మీటింగులన్నిటినీ క్యాలెండర్ల నుంచి ఒకేసారి తీసేసింది. బుధవారాలను ఖాళీగా ఉంచింది. 50 మందికి మించిన సభలను గురువారం ఒక నిర్ణీత సమయానికే పరిమితం చేసింది. రెండో విరుగుడు మీటింగులను ఒకచోటికి చేర్చడం: చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఒకటి రెండు పూటల్లో వరసగా పెట్టి మిగతా పూటలను తెగకుండా కాపాడటం. పేరు మొదటిదానికే ఎక్కువ వచ్చినా, ఎక్కువ గంటలు మిగిల్చేది సాధారణంగా రెండోదే.

ఎంత మిగిలిందో తెలియాలంటే ముందు కొలత కావాలి. టామ్ డిమార్కో, టిమోతీ లిస్టర్ 1987లో వెలువరించిన ‘పీపుల్‌వేర్’ పుస్తకంలో ఒక సులభమైన నిష్పత్తి ఇచ్చారు. మనిషి ఆఫీసులో ఉన్న గంటలలో అంతరాయం లేకుండా దొరికిన గంటలు ఎన్నో చూడమన్నారు. దాన్ని నేటి క్యాలెండరుకు ఇలా అన్వయించుకోవచ్చు. పనివేళల్లో మీటింగు లేకుండా ఏకధాటిగా 2 గంటలు, అంతకు మించి ఉన్న ఖాళీలను మాత్రమే ఏకాగ్ర గంటలుగా కూడాలి. గంటన్నర ఖాళీ ఉన్నా దాన్ని సున్నాగానే లెక్కించాలి. ఈ హద్దు 2 గంటలే కావాలని లేదు, గంటన్నర పెట్టుకున్నా నడుస్తుంది. కానీ మార్పుకు ముందు ఏ హద్దు పెట్టుకున్నారో తర్వాత కూడా అదే ఉండాలి, లేకపోతే పోలికే ఉండదు.

హైదరాబాద్‌లో ఏడుగురున్న ఒక సాఫ్ట్‌వేర్ టీమ్ ఉందనుకుందాం. న్యూయార్క్‌లోని క్లయింటుకు పనిచేస్తుంది. పనివేళలు ఉదయం 10 నుంచి రాత్రి 7 వరకు, మధ్యలో 1 నుంచి 2 దాకా భోజనం. అంటే రోజుకు 8 గంటలు, వారానికి 40. టీమ్‌లో ఒక ఇంజనీరు క్యాలెండరు తెరిచి చూస్తే రోజూ 11:30కి పావుగంట స్టాండప్ ఉంది. సోమవారం 3:30కి గంటసేపు ప్లానింగ్, మంగళవారం 4 గంటలకు టీమ్ లీడ్‌తో అరగంట ముఖాముఖి ఉన్నాయి. బుధవారం 3 గంటలకు గంటసేపు డిజైన్ సమీక్ష, 5:30కి టెస్టింగ్ వాళ్లతో అరగంట. గురువారం 6:30కి క్లయింటుతో అరగంట కాల్. శుక్రవారం 3:30కి అరగంట డెమో, 5 గంటలకు గంటసేపు వారపు సమీక్ష. మొత్తం కలిపితే 6 గంటల 15 నిమిషాలు. పెద్దగా అనిపించదు.

ఇప్పుడు 2 గంటల హద్దు పెట్టి చూడాలి. ఉదయాన్ని స్టాండప్ 10 నుంచి 11:30, 11:45 నుంచి 1 అనే రెండు ముక్కలు చేసింది. రెండూ 2 గంటల లోపే. కాబట్టి వారంలో ఐదు ఉదయాలూ సున్నా. పావుగంట మీటింగు ఒక్కటే వారానికి 15 గంటల ఉదయాన్ని లెక్కలోంచి తీసేసింది. మధ్యాహ్నాల్లో సోమవారం రెండున్నర గంటలు, మంగళవారం నాలుగున్నర, గురువారం నాలుగున్నర నిలిచాయి. బుధ, శుక్రవారాల్లో ఏమీ నిలవలేదు. 40 గంటల వారంలో ఏకాగ్ర గంటలు పదకొండున్నర.

మార్పు ఇలా చేయవచ్చు. స్టాండప్‌ను ఉదయం 10 గంటలకు, రోజు మొదలయ్యేచోటికి జరపాలి. బుధవారం పూర్తిగా మీటింగు లేని రోజు, ఆ రోజు స్టాండప్‌కు బదులు ఎవరేం చేస్తున్నారో గ్రూపులో రెండు వాక్యాలు రాస్తే చాలు. ప్లానింగ్, డిజైన్ సమీక్ష సోమవారం 4 నుంచి 6 వరకు వరసగా వస్తాయి. డెమో, వారపు సమీక్ష, టెస్టింగ్ చర్చ, ముఖాముఖి, క్లయింటు కాల్ గురువారం 4 నుంచి 7 వరకు ఒకదాని వెనక ఒకటి. క్లయింటు కాల్ మాత్రం కదలలేదు, అది న్యూయార్క్ ఉదయానికి కట్టుబడి ఉంది. మిగతావాటిని దాని పక్కకు తెచ్చి చేర్చారు. అమెరికాతో పనిచేసే టీమ్‌లకు ఇదే సులువైన దారి: కదలని మీటింగును పట్టుకుని కదిలేవాటిని దానికి ఆనించడం.

ఇప్పుడు నాలుగు ఉదయాల్లో 2 గంటల 45 నిమిషాల చొప్పున 11 గంటలు, బుధవారం ఉదయం 3 గంటలు వచ్చాయి. మధ్యాహ్నాల్లో సోమ, గురువారాలు 2 గంటల చొప్పున, మంగళ, బుధ, శుక్రవారాలు 5 గంటల చొప్పున మిగిలాయి. మొత్తం 33. మీటింగుల సమయం తగ్గింది పావుగంటే, ఏకాగ్ర గంటలు ఇరవై ఒకటిన్నర పెరిగాయి.

ఈ అంకె చూసి సంతోషించే ముందు ఒక జాగ్రత్త అవసరం. క్యాలెండరు చూపేది అవకాశం మాత్రమే. ఖాళీ ఉన్న పూటలో ఫోన్లు మోగితే, ‘ఒక్క నిమిషం’ అంటూ ఎవరో ఒకరు వస్తే, చాట్‌లో మెసేజ్‌లు ఆగకపోతే ఆ పూట పేరుకే మిగిలినట్టు. అందుకే మార్పుకు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు టీమ్‌లో ప్రతి ఒక్కరూ రోజు చివర ఒక సంఖ్య రాసిపెట్టాలి: ఈ రోజు నిజంగా అంతరాయం లేకుండా ఎన్ని గంటలు దొరికాయి? మన ఇంజనీరు విషయంలో పాత వారంలో పదకొండున్నరకు 8 గంటలు, కొత్త వారంలో 33కు 20 గంటలు నిలిచాయనుకుంటే నిజమైన లాభం ఇరవై ఒకటిన్నర కాదు, 12. పైవారికి చెప్పవలసింది ఈ రెండో అంకే. రెండింటి మధ్య తేడా కూడా పనికొస్తుంది. అది ఎక్కువగా ఉందంటే అడ్డు మీటింగుల్లో లేదు, చాట్‌లోనో కూర్చునే చోటులోనో ఉంది.

టీమ్ మొత్తానికి చెప్పేటప్పుడు సగటు కంటే, ఏడుగురి అంకెలను వరసగా పేర్చి మధ్యలో ఉన్నదాన్ని తీసుకోవడం మేలు. ఎందుకంటే టీమ్ లీడ్ లెక్క వేరు. ఒక ఇంజనీరుకు అరగంట ముఖాముఖి అంటే లీడ్‌కు ఆరుగురితో 3 గంటలు. వాటన్నిటికీ గురువారం చోటుండదు. సోమవారం మధ్యాహ్నం కొన్ని పెడితే ఆ పూట లీడ్‌కూ పోతుంది, కొందరు ఇంజనీర్లకూ పోతుంది. లాభం అందరికీ సమానంగా రాదు, ఆ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది.

కొలతను తప్పుదారి పట్టించే విషయాలు మరికొన్ని ఉన్నాయి. సంక్రాంతి, దసరా సెలవులున్న వారాన్నో, విడుదలకు ముందు వారాన్నో పోలికకు తీసుకుంటే వచ్చే అంకెకు అర్థం లేదు. అమెరికా గడియారం సంగతి ఇంకా చిక్కు. వేసవిలో న్యూయార్క్ ఉదయం 9 అంటే హైదరాబాద్‌లో సాయంత్రం 6:30. నవంబరులో అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పగానే అదే కాల్ ఇక్కడ 7:30కి పడుతుంది, అంటే పనివేళలు దాటాక. పాత క్యాలెండరులో గురువారం మధ్యాహ్నం నాలుగున్నర గంటల నుంచి 5 గంటలకు పెరిగినట్టు కనిపిస్తుంది. ఎవరూ ఏమీ బాగుచేయలేదు, అరగంట ఇంటి సమయంలోంచి పోయింది. అందుకే 7 తర్వాత జరిగే మీటింగులను విడిగా రాసి, ఏకాగ్ర గంటల పక్కనే చూపాలి.

బుధవారం మీటింగు వద్దన్నందుకు అవి మంగళ, గురువారాలకు పొంగడం తరచూ జరిగే వైఫల్యం. వారపు మొత్తం 6 గంటల నుంచి 9కి పెరిగిందంటే జరిగింది అదే. రెండోది మినహాయింపులు. ‘ఈ ఒక్క బుధవారానికి’ అంటూ నెలలో రెండు వారాలు మీటింగు పడితే ఆ నియమం లేనట్టే. మూడోది ఆలస్యం. మంగళవారం సాయంత్రం తలెత్తిన ప్రశ్న గురువారం దాకా ఆగితే ఎవరి పని నిలిచిపోయిందో చూడాలి. సర్వరు పడిపోవడం లాంటి అత్యవసరాలకు వెంటనే ఫోన్ చేసుకునే వీలు నియమంలోనే ఉండాలి. వినియోగదారుల ఫిర్యాదులకు రోజంతా జవాబు చెప్పే బృందాలకు ఈ పద్ధతి ఇలాగే నప్పదు, వారిలో వంతులవారీగా ఒకరిద్దరికి మాత్రమే పూట ఖాళీ ఇవ్వగలరు.

నియమం నిలవడమే అన్నిటికన్నా కష్టం. పరిశోధకురాలు లెస్లీ పెర్లో 1999లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పెద్ద అమెరికన్ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు వారానికి మూడు రోజులు మధ్యాహ్నం 12 దాకా ఒకరినొకరు కదిలించకుండా పనిచేసి చూశారు. వారి ఉత్పత్తి అనుకున్న సమయానికి బయటికి వచ్చింది. పరిశోధన ముగిశాక ఆ పద్ధతి కొనసాగలేదు. లెక్క చూసేవారు లేనిచోట పాత అలవాటు తిరిగొస్తుంది. కాబట్టి మార్పు చేసిన టీమ్ మూడు నెలలకోసారైనా అదే 2 గంటల హద్దుతో క్యాలెండర్లను మళ్లీ లెక్కించి, మధ్య అంకె తగ్గిందేమో చూసుకోవాలి. ఏడుగురి టీమ్‌కు దానికి పట్టేది ఒక పూట కంటే తక్కువే.