పొగ లెక్కలో పెద్ద హంతకి ఏది?

1951లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ బ్రిటన్ డాక్టర్లను వారి పొగ అలవాటు అడిగి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎవరు దేనితో చనిపోయారో నమోదు చేశారు. ఆ పట్టికలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఏడాదికి లక్ష మందిలో ఇలా ఉన్నాయి: పొగ తాగేవారిలో 130, తాగనివారిలో 7, అందరినీ కలిపితే 94.

130లోంచి 7 తీసేస్తే 123. పొగ వల్ల అదనంగా వచ్చిన ఈ మరణాలే ‘ఆపాదిత ముప్పు’. 130లో అది 95 శాతం. తాగకపోవడాన్ని రక్షణగా చూస్తే, ‘నివారించగల వాటా’ కూడా అదే.

డాక్టర్లందరి సంగతికి వస్తే 94లోంచి 7 తీసి, 94తో భాగించాలి. దాదాపు 93 శాతం వస్తుంది. ఇది ‘జనాభా ఆపాదిత వాటా’. తాగేవారు తక్కువున్న చోట ఇది తగ్గుతుంది. అందుకే ఒక దేశపు అంకెను మరో దేశానికి అంటగట్టకూడదు.

నన్ను ఎక్కువగా కదిలించేది గుండె, రక్తనాళాల జబ్బుల వరుస. తాగేవారిలో 951, తాగనివారిలో 732. ముప్పు 1.3 రెట్లే, క్యాన్సర్‌లోనైతే 18 రెట్లకు పైనే. కానీ అదనపు మరణాలు 219! ఆ జబ్బులు అందరిలోనూ ఎక్కువ కాబట్టి, చిన్న పెరుగుదలే ఎక్కువ ప్రాణాలు తీసింది.

అయితే ఈ తీసివేత చెల్లాలంటే రెండు గుంపుల వయసు, ఇతర అలవాట్లు పోలి ఉండాలి. పైగా ఇవాళ మానేసినవారి ముప్పు రేపే 7కి దిగిరాదు, ఏళ్లు పడుతుంది.