ఒకటికి మించి సరైన జవాబులు: మార్కుల లెక్క

ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలో ప్రతి ఐచ్ఛికాన్నీ విడిగా ఒప్పో తప్పో తేల్చగలిగేలా రాయాలి. రెండు ఐచ్ఛికాలు ఒకదానికొకటి పూర్తి విరుద్ధమైతే, వాటిలో ఒకటే ఒప్పని విద్యార్థి చదవకుండానే పసిగడతాడు. ‘పైవన్నీ’ అనే ఐచ్ఛికానికి ఇక్కడ చోటు లేదు.

మార్కుల దగ్గరే అసలు చిక్కు. సరైన ప్రతి గుర్తుకూ మార్కు ఇచ్చి, తప్పుకు కోత పెట్టకపోతే, నాలుగూ గుర్తించినవారికి పూర్తి మార్కులు దక్కుతాయి.

‘2, 9, 11, 15లలో ప్రధాన సంఖ్యలేవి?’ అన్న ప్రశ్ననే తీసుకుందాం. జవాబు 2, 11. ఇటీవలి జేఈఈ అడ్వాన్స్‌డ్ పద్ధతిలో రెండూ గుర్తిస్తే 4 మార్కులు, 2 ఒక్కటే గుర్తిస్తే 1 మార్కు. వాటితోపాటు 15ను కూడా గుర్తిస్తే 2 మార్కులు పోతాయి. ఏదీ గుర్తించకపోతే సున్నా. అందువల్ల కచ్చితంగా తెలిసినదాన్ని మాత్రమే గుర్తించడం లాభం.

గేట్‌లో ఇలాంటి ప్రశ్నలకు పాక్షిక మార్కులూ లేవు, కోతా లేదు. సగం తెలిసినవారికీ ఏమీ తెలియనివారికీ అక్కడ సున్నాయే. సగం జ్ఞానాన్నీ కొలవాలనుకునే పరీక్షకు మొదటి పద్ధతే తగినది.