4.3 ప్రాజెక్టు శీర్షికను తిరగరాయడం

ప్రాజెక్టు నివేదికలో మూల్యాంకనం చేసేవారు మొదట చదివేది శీర్షికనే. మీరు ఏ ప్రశ్న వేసుకున్నారు, జవాబు ఎలా వెతికారు, ఎక్కడ, ఎవరి దగ్గర వెతికారు అన్న మూడు విషయాలు అక్కడే తెలియాలి. ఈ విభాగంలో ఒకే ఒక్క శీర్షికను తీసుకుని, దాన్ని మెట్టు మెట్టుగా ఎలా తిరగరాయాలో చూద్దాం.

4.3.1 శీర్షికలో లేనిది ఏమిటి?

ఒక విద్యార్థిని తన ప్రాజెక్టుకు ఇలా పేరు పెట్టుకుందని అనుకుందాం.

"మహిళా స్వయం సహాయక సంఘాలు - ఒక అధ్యయనం"

ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కాని చదివినవారికి తెలిసింది కూడా ఏమీ లేదు. ప్రాజెక్టు అంటేనే అధ్యయనం కాబట్టి "ఒక అధ్యయనం" అన్న మాట కొత్తగా ఏమీ చెప్పదు. "ఒక పరిశీలన", "సమగ్ర విశ్లేషణ" అన్నవీ అంతే. ఆ మాటలు తీసేస్తే మిగిలేది సంఘాల పేరు మాత్రమే. అది విషయం పేరు, ప్రశ్న కాదు. సంఘాల పొదుపు గురించా, అప్పుల గురించా, నాయకత్వం గురించా? ఒక ఊరిలోనా, రాష్ట్రమంతటానా? ఈ శీర్షిక కింద ఏ నివేదికనైనా పెట్టవచ్చు.

4.3.2 చేసిన పని నుంచి శీర్షిక

మంచి మాటల కోసం వెతకడంతో శీర్షిక రాయడం మొదలుపెట్టకండి. ముందుగా, మీరు నిజంగా చేసిన పనిని మూడు మామూలు వాక్యాలలో రాసుకోండి. ఆ విద్యార్థిని ఇలా రాసుకుంది.

ప్రశ్న: సభ్యులు సంఘం ద్వారా తీసుకున్న బ్యాంకు రుణాన్ని దేనికి ఖర్చు చేశారు?

పద్ధతి: ఒకే ప్రశ్నావళితో 60 మంది సభ్యులను ఇంటికి వెళ్లి అడిగాను. వారు చెప్పినదాన్ని సంఘం తీర్మానాల పుస్తకంలో రాసిన అవసరంతో పోల్చి చూశాను.

పరిధి: సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలంలోని ఆరు సంఘాలు; 2022-23లో తీసుకున్న రుణాలు.

శీర్షికకు కావలసిన సరుకంతా ఈ వాక్యాలలోనే ఉంది. వీటిలో ఏదైనా రాయలేకపోతే లోపం శీర్షికలో లేదు, ప్రణాళికలో ఉంది. అప్పుడు శీర్షికను పక్కన పెట్టి, మీ పర్యవేక్షకులతో ప్రశ్న గురించి మాట్లాడండి.

4.3.3 మొదటి సవరణ, అందులోని రెండు పొరపాట్లు

ఆమె మొదటి సవరణ ఇది.

"సూర్యాపేట జిల్లాలో స్వయం సహాయక సంఘాల రుణాలు - మహిళల ఆర్థిక స్థితిపై వాటి ప్రభావం"

ఇది మొదటి దానికన్నా స్పష్టంగానే ఉంది. కాని చేసిన పనికన్నా ఎక్కువ చెబుతోంది.

మొదటి పొరపాటు "జిల్లాలో" అన్న మాట. ఆమె తిరిగింది ఒకే మండలంలోని ఆరు సంఘాలు. ఆ ఆరింటిని చూసి జిల్లా అంతటి గురించి చెప్పడం కుదరదు.

రెండోది ఇంకా పెద్దది: "ప్రభావం". రుణం వల్లే మార్పు వచ్చిందని ఈ మాటకు అర్థం. అలా అనాలంటే రుణానికి ముందు ఆ కుటుంబాల ఆదాయం ఎంతో తెలియాలి. లేదా అటువంటివే అయి ఉండి రుణం తీసుకోని కుటుంబాలతో పోల్చి చూడాలి. ఆమె దగ్గర ఈ రెండూ లేవు. ఒక సభ్యురాలి ఆదాయం పెరిగిందనుకున్నా, అది రుణంతో కొన్న గేదె వల్లనా, ఆ ఏడు పంట బాగా పండటం వల్లనా, కొడుకు పట్నంలో పనికి కుదరడం వల్లనా అన్నది ఆమె సేకరించిన జవాబుల నుంచి తేలదు. మౌఖిక పరీక్షలో "రుణానికి ముందు ఆదాయం ఎంత ఉంది?" అని అడిగితే, నెలల తరబడి నిజాయితీగా సేకరించిన వివరాలు కూడా చాలనట్లు కనిపిస్తాయి. నిజానికి ఆ వివరాలు వేరే ప్రశ్నకు బాగా సరిపోతాయి.

అందుకే శీర్షికలోని ముఖ్యమైన మాటను ఎంచుకునేటప్పుడు అది ఏ ఆధారం అడుగుతుందో చూసుకోండి. "వినియోగం", "తీరు" అంటే ఉన్నదాన్ని వివరించడం. ఒకసారి చేసిన సర్వే చాలు. "సంబంధం" అంటే రెండు అంశాలను కొలిచి, ఒకటి మారినచోట రెండోది ఎలా మారుతోందో చూపాలి. "ప్రభావం" అంటే పైన చెప్పుకున్న పోలిక తప్పనిసరి.

4.3.4 తుది శీర్షిక

ఆమె చివరకు ఇలా రాసింది.

"సంఘం రుణం దేనికి ఖర్చయింది? చివ్వెంల మండలం (సూర్యాపేట జిల్లా)లోని ఆరు మహిళా సంఘాల సభ్యులతో ముఖాముఖి సర్వే, 2022-23"

మొదటి భాగం ప్రశ్న. రెండో భాగంలో స్థలం, మనుషులు, పద్ధతి, కాలం ఉన్నాయి. మీ విభాగంలో ప్రశ్న రూపంలోని శీర్షికను అంగీకరించకపోతే మొదటి భాగాన్ని "సంఘం రుణాల వినియోగ తీరు" అని మార్చి, రెండో భాగాన్ని అలాగే ఉంచవచ్చు.

ఆమె ఏం వదిలేసిందో కూడా గమనించండి. 60 మంది అన్న సంఖ్య, తీర్మానాల పుస్తకాలతో పోల్చడం శీర్షికలో లేవు. అవి పద్ధతి అధ్యాయంలో వస్తాయి. అన్నీ శీర్షికలోనే పెడితే ప్రశ్న కనబడకుండా పోతుంది.

సంవత్సరం దగ్గర జాగ్రత్త అవసరం. 2022-23 అన్నది రుణాలు తీసుకున్న ఏడాది, నివేదిక సమర్పించిన ఏడాది కాదు. జిల్లా పేరు దగ్గరా అంతే. సూర్యాపేట జిల్లా 2016 అక్టోబరులో ఏర్పడింది. 2011 జనాభా లెక్కల్లో ఈ ప్రాంతం నల్గొండ జిల్లా కింద ఉంటుంది. అటువంటి పాత గణాంకాల మీదే ఆధారపడిన ప్రాజెక్టు అయితే శీర్షికలో "పూర్వపు నల్గొండ జిల్లా" అని రాయాలి.

4.3.5 శీర్షికను ఎప్పుడు సరిచూడాలి?

రెండుసార్లు సరిచూడండి: ప్రాజెక్టు ప్రతిపాదన పంపే ముందు ఒకసారి, క్షేత్ర పని ముగిశాక మరోసారి. పది సంఘాలు అనుకుని ఆరింటికే వెళ్లగలిగితే శీర్షికలోనూ ఆరే ఉండాలి. ప్రతిపాదన ఆమోదం పొందిన తరువాత శీర్షిక మార్చాలంటే పర్యవేక్షకుల అనుమతి తీసుకోండి.

సరిచూడటానికి ఒక సులువైన మార్గం ఉంది. మీ ప్రాజెక్టు గురించి ఏమీ తెలియని సహ విద్యార్థికి శీర్షిక మాత్రమే చూపించి, "నేను ఏం తెలుసుకోవాలనుకున్నాను? ఎలా? ఎక్కడ, ఎప్పుడు?" అని అడగండి. జవాబు రాని చోట ఒక మాట తక్కువైంది. మీరు చేయని పనిని వారు చెబితే ఒక మాట ఎక్కువైంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

"తెలుగు దినపత్రికల్లో రైతు సమస్యలు - ఒక పరిశీలన" అన్న శీర్షికను తిరగరాయండి. విద్యార్థి చేసిన పని ఇది: ఒకే దినపత్రిక వరంగల్ జిల్లా సంచికను 2023 ఏప్రిల్, మే నెలల్లో రోజూ చదివి, ధాన్యం కొనుగోళ్లపై వచ్చిన ప్రతి వార్తలో అధికారుల మాట ఉందా, మిల్లర్ల మాట ఉందా, రైతుల మాట ఉందా అని నమోదు చేశాడు.

నమూనా జవాబు: "ధాన్యం కొనుగోళ్ల వార్తల్లో ఎవరి మాట వినిపిస్తోంది? ఒక తెలుగు దినపత్రిక వరంగల్ జిల్లా సంచిక విషయ విశ్లేషణ, ఏప్రిల్-మే 2023"

"దినపత్రికల్లో" అన్న బహువచనం ఎందుకు పోయిందో, "రైతు సమస్యలు" స్థానంలో "ధాన్యం కొనుగోళ్లు" ఎందుకు వచ్చిందో రెండు వాక్యాలలో మీ నోట్సులో రాయండి.