ఆలస్యంగా రాసే పరామర్శ

పెదనాన్న ఆషాఢంలో పోయారు. నేను అంత్యక్రియలకు వెళ్లలేదు, పెద్దకర్మకూ వెళ్లలేదు. 'రేపు ఫోన్ చేద్దాం' అనుకుంటూ ఐదు నెలలు గడిపేశాను. రోజులు గడిచేకొద్దీ పెద్దమ్మకు ఫోన్ చేయాలంటేనే మొహం చెల్లలేదు.

చివరికి కార్తీకంలో ఒక రాత్రి వాట్సాప్‌లో రాయడానికి కూర్చున్నాను. మొదట రాసింది ఇది: "పెద్దమ్మా, నన్ను క్షమించు. అప్పుడు ఆఫీసులో ఆడిట్. టికెట్లు దొరకలేదు. పాపకు జ్వరం. తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు." చదువుకుంటే అందులో పెదనాన్న ఎక్కడా లేరు, అంతా నా గోడే. అది చదివితే పెద్దమ్మ ఏం చేస్తుంది? "పర్లేదులే తల్లీ, బాధపడకు" అని తిరిగి నన్నే ఓదార్చాలి. ఆలస్యంగా రాసే పరామర్శలు ఎక్కువగా చెడేది ఇక్కడే.

అందుకే సంజాయిషీలన్నీ కొట్టేశాను. చావు కబురే ఆలస్యంగా తెలిస్తే ఆ మాట చెప్పాలి. తెలిసీ వెళ్లనప్పుడు కారణాలు ఎన్ని చెప్పినా సాకుల్లాగే ఉంటాయి. తప్పు ఒప్పుకోవడానికి ఒక్క వాక్యం చాలు. "ఆత్మకు శాంతి చేకూరాలి" కూడా తీసేశాను. మొదటి పది రోజుల్లో ఆ మాట ఎంతమంది పంపి ఉంటారో! "అసలేమైంది?" అనీ అడగలేదు. వచ్చినవాళ్లందరికీ ఆమె ఆ కథ చెప్పి చెప్పి అలసిపోయి ఉంటుంది.

చివరికి పంపింది ఇది:

"పెద్దమ్మా, పెదనాన్న పోయినప్పుడు నేను రావలసింది, రాలేదు. తప్పు నాదే. తెల్లవారుజామున నాలుగింటికి తణుకు బస్టాండులో దిగితే, మంకీ క్యాప్ పెట్టుకుని స్కూటర్ పక్కన నిలబడి ఉండేవారు. 'ప్రయాణం ఎలా జరిగింది' అనేవారు కాదు, 'టీ తాగుతావా' అనేవారు. మొన్న బస్సు దిగినప్పుడు అదే గుర్తొచ్చింది. సంవత్సరీకానికి రెండు రోజుల ముందే వచ్చి నీ దగ్గరుంటాను. దీనికి జవాబు రాయాలనేమీ లేదు."

మన ఇళ్లలో చావు పెద్దకర్మతో ముగిసిపోదు. మాసికాలుంటాయి, పండుగ చేసుకోని ఏడాది ఉంటుంది, ఆపైన సంవత్సరీకం. పెద్దకర్మ అయ్యాక చుట్టాలు వెళ్లిపోతారు. పోయిన మనిషి ఊసెత్తితే ఆమె ఏడుస్తుందేమోనని చుట్టుపక్కలవాళ్లు కూడా ఎత్తరు. కాబట్టి ఐదో నెలలో అందిన మాట అనుకున్నంత ఆలస్యమేమీ కాదు. కాకపోతే నేరుగా ఆమెకే పంపాలి. ఫ్యామిలీ గ్రూపులో పెడితే దండాల బొమ్మలు వరసకడతాయి. వస్తానన్న మాట కూడా నిజంగా వెళ్లగలిగితేనే రాయాలి. రెండోసారీ వెళ్లకపోతే ఇక ఏం రాసినా అతకదు.

నీలం టిక్కులు పడ్డాయి. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. "చూశావా పెద్దమ్మా?" అని రెండుసార్లు టైప్ చేసి చెరిపేశాను. ఐదో రోజు వాయిస్ మెసేజ్ వచ్చింది. నేను రాలేదన్న ఊసే అందులో లేదు.

"స్కూటర్ అమ్మేద్దామంటున్నాడే మీ అన్నయ్య. నువ్వేమంటావు?"