చికెన్ వద్దు, మటన్ చెయ్యండి

భోజనం ఆర్డర్ తీసుకునే చాట్‌బాట్ లోపల ఒక ఖాళీ ఫారం ఉంటుంది. ఏ వంటకం, ఎన్ని, ఏ సైజు, ఏ చిరునామాకు, డబ్బు ఎలా ఇస్తారు అన్న గడులు అందులో ఉంటాయి. ఈ గడులనే స్లాట్లు అంటారు. కస్టమర్ మాటల్లోంచి వివరాలు ఏరి వాటిలో పెట్టడం స్లాట్ ఫిల్లింగ్. సంభాషణ నడుస్తుండగా ఏ గడిలో ఏముందో ఎప్పటికప్పుడు లెక్క చూసుకోవడం స్టేట్ ట్రాకింగ్. అవసరమైన గడులన్నీ నిండాక ఆర్డర్ వంటగదికి వెళ్తుంది. పద్ధతి పాతదే. జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలోని శాస్త్రజ్ఞులు 1977లో వివరించిన ‘గస్’ అనే ప్రోగ్రామ్, విమాన ప్రయాణం గురించి అడిగేవారితో ఇలాంటి ఫారం దగ్గర పెట్టుకునే మాట్లాడేది.

ఫారం ఉంది కదా అని ప్రశ్నలన్నీ వరసగా అడగనక్కర్లేదు. ‘మియాపూర్‌కి రెండు ఫుల్ చికెన్ బిర్యానీ పంపండి’ అని కస్టమర్ రాస్తే వంటకం, సంఖ్య, సైజు, ప్రాంతం ఒక్క వాక్యంతో నిండిపోతాయి. మిగిలింది ఇంటి నంబరు, చెల్లింపు. అవి మాత్రమే అడగాలి. ‘ఏ వంటకం కావాలండీ?’ అని మళ్లీ మొదలుపెట్టే బాట్ ఫారం నింపుతోంది గానీ మాట వినడం లేదు.

వినడంలో మొదటి చిక్కు మాటల రూపంతో వస్తుంది. ఒకరు ‘రెండు’ అని రాస్తారు, ఒకరు ‘2’ అని, మరొకరు తెలుగునే ఇంగ్లిష్ అక్షరాల్లో `rendu` అని. ఊరి పేరు ‘మియాపూర్‌కి’ అనీ, ‘మియాపూర్‌లో’ అనీ ప్రత్యయం తగిలించుకుని వస్తుంది. బిర్యానీ ఏకవచనంలోనూ ఉంటుంది, బహువచనంలోనూ ఉంటుంది. వీటన్నిటినీ మెనూలోని ఒక్క పేరుకు, ఒక్క అంకెకు మార్చాకే గడిలో పెట్టాలి. లేకపోతే గడి నిండినట్టు కనిపిస్తుంది, వంటగది కంప్యూటర్‌కు మాత్రం అది అర్థం కాదు.

రెండో చిక్కు ఫారం తయారీలోనే ఉంది. ‘వంటకం’ అని ఒకే గడి పెట్టిన బాట్లు కొన్ని ఉంటాయి. కస్టమర్ బిర్యానీ చెప్పి, తర్వాత పనీర్ 65 అడిగితే, రెండోది వచ్చి మొదటిదాన్ని తుడిచేస్తుంది. నిజానికి ఆర్డర్ అంటే హోటల్ బిల్లు లాంటిది. ఒక్కో వంటకానికి ఒక్కో వరస, ఆ వరసకు సంఖ్య, సైజు, కారం అనే సొంత గడులు ఉండాలి. చిరునామా, చెల్లింపు మాత్రం బిల్లు మొత్తానికి ఒక్కటే.

ఇక అసలు పరీక్ష కస్టమర్ మనసు మార్చుకున్నప్పుడు వస్తుంది. ఈ సంభాషణ చూడండి. ‘రెండు ఫుల్ చికెన్ బిర్యానీ, ఒక పనీర్ 65 కావాలి’ అన్నారు కస్టమర్. ‘ఎక్కడికి పంపాలండీ?’ అని బాట్ అడిగింది. ‘మియాపూర్‌కి. ఆగండి, చికెన్ వద్దు, మటన్ చెయ్యండి. డెలివరీకి ఎంత తీసుకుంటారు?’ అని జవాబు వచ్చింది. ఇందులో అడిగినదానికి సమాధానం ఉంది, పాత మాటకు సవరణ ఉంది, కొత్త ప్రశ్న కూడా ఉంది. తాను అడిగింది చిరునామా కాబట్టి వచ్చినదంతా చిరునామాయే అనుకునే బాట్, ‘ఆగండి చికెన్ వద్దు’తో సహా మొత్తం వాక్యాన్ని చిరునామా గడిలో పడేస్తుంది. ఈ పొరపాటు విచిత్రంగా తోచినా, ఎదురుచూస్తున్న గడి తప్ప మరేదీ చూడని ప్రోగ్రామ్‌లన్నీ ఇదే చేస్తాయి.

సరిగా విన్న బాట్ ముందు ప్రాంతం నింపుకుంటుంది. తర్వాత బిర్యానీ వరసలో చికెన్ తీసి మటన్ పెడుతుంది. రెండు అన్న సంఖ్య, ఫుల్ అన్న సైజు అలాగే ఉంచుతుంది, ఎందుకంటే కస్టమర్ వాటి జోలికి పోలేదు. పనీర్ వరస అసలు ముట్టుకోదు. కానీ ధర పాతది పనికిరాదు, మళ్లీ లెక్క కట్టాలి. మటన్ బిర్యానీ ఆ రోజు ఉందో లేదో, ఫుల్ సైజులో ఇస్తారో లేదో చూడాలి. ఇవ్వకపోతే సైజు గడి ఒక్కటీ ఖాళీ చేసి, దాని గురించే అడగాలి. ఒక గడి మారితే దానిమీద ఆధారపడ్డ గడులను తిరిగి పరీక్షించడం, చెల్లేవి ఉంచడం, చెల్లనివి ఖాళీ చేయడం: ఈ పనిలో గుండెకాయ ఇదే. ఆర్డర్ మొత్తం చెరిపేసి మొదటికి వచ్చే బాట్ కస్టమర్‌ను విసిగిస్తుంది. ఏదీ చూడకుండా అంతా ఉంచేసేది మెనూలో లేని వంటకాన్ని వంటగదికి పంపుతుంది. చిరునామా మారినప్పుడు ఈ పరీక్ష ఇంకా పెద్దది. మియాపూర్ కాస్తా దిల్‌సుఖ్‌నగర్ అయితే వండే బ్రాంచి మారవచ్చు, దానితోపాటు దొరికే వంటకాలు, డెలివరీ చార్జి, పట్టే సమయం అన్నీ మారవచ్చు. చివరగా డెలివరీ చార్జి ఎంతో చెప్పి, ఆగిన చోటికి వచ్చి ఇంటి నంబరు అడగాలి.

తర్వాత కస్టమర్ ‘మూడు చెయ్యండి’ అన్నారనుకుందాం. బిర్యానీయా, పనీరా? చివరగా మాట నడిచింది మటన్ గురించి కాబట్టి బిర్యానీ అనుకోవడం సబబు. అయితే ఊహించి ఊరుకోకూడదు. ‘మటన్ బిర్యానీ మూడు, పనీర్ 65 ఒకటి, సరేనాండీ?’ అని తిరిగి చదివి వినిపిస్తే తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. తెలుగులో ఈ మార్పుల బరువంతా చిన్న మాటల మీదే ఉంటుంది. ‘మూడు చాలు’ అంటే సంఖ్య మూడు అవ్వాలి, ‘ఇంకో మూడు’ అంటే ఉన్నదానికి కలపాలి. ‘వద్దు’ సంగతి చెప్పనే అక్కర్లేదు. ‘రైతా కావాలా?’ అన్న ప్రశ్నకు ‘వద్దు’ అంటే రైతా చేర్చవద్దని అర్థం. ‘పనీర్ వద్దు’ అంటే ఆ వరస తీసేయాలి. విసుగ్గా ‘వద్దులెండి’ అంటే మొత్తం ఆర్డరే రద్దు కావచ్చు. అంతకుముందు బాట్ ఏమడిగిందో గుర్తుంటే తప్ప వీటిని విడదీయడం కుదరదు.

రైతా వద్దన్న సంగతిని కూడా రాసిపెట్టుకోవాలి. ఖాళీ గడికి ఇంకా అడగలేదని అర్థం. వద్దన్నదాన్ని కూడా ఖాళీగానే వదిలేస్తే బాట్ రెండు నిమిషాల తర్వాత మళ్లీ రైతా గురించి అడుగుతుంది. ‘కారం ఏదైనా పర్లేదు’ అన్న మాటకూ ఇదే వర్తిస్తుంది.

పాత విలువను పూర్తిగా తుడిచేయడం కూడా మంచిది కాదు. ధర విన్నాక ‘అమ్మో, మొదటిదే ఉంచండి’ అనేవారు ఉంటారు. అప్పుడు మొదట ఏముందో బాట్‌కు తెలియాలి. అందుకే జాగ్రత్తగా రాసిన ప్రోగ్రామ్ జరిగిన మార్పులన్నీ వరసగా దాచుకుంటుంది. దీనికీ ఒక హద్దు ఉంది. ఆర్డర్ వంటగదికి చేరాక ఫారంలో గడి మార్చినంత మాత్రాన పొయ్యి మీది బిర్యానీ మారదు. అప్పటి మార్పు హోటల్‌కు పంపే అభ్యర్థన మాత్రమే. హోటల్ ఒప్పుకునే దాకా బాట్ ‘మార్చాను’ అనకూడదు.

ట్రాకింగ్ ఎంత బాగుందో కొలిచేటప్పుడు పరిశోధకులు గడులను విడివిడిగా కాక, ఆ క్షణంలో అన్నీ కలిపి ఒప్పా కాదా అని చూస్తారు. లెక్క కఠినమైనది. ఒక్కో గడి 95 శాతం సార్లు ఒప్పుగా ఉండి, వాటి తప్పులకు ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకుంటే, అయిదు గడులూ ఒకేసారి ఒప్పుగా ఉండేది సుమారు 77 శాతం సార్లే.

ఇప్పుడు వాక్యాలను అర్థం చేసుకునే పనిని పెద్ద భాషా నమూనాలకు అప్పగిస్తున్నారు. మాటల తేడాలను అవి పాత పద్ధతులకన్నా బాగా పట్టుకుంటాయి. అయితే కస్టమర్ చెప్పని సంఖ్యను తమంతట తామే నింపేయడం, సుదీర్ఘ సంభాషణలో పాత సవరణను మరిచిపోవడం వాటిలోనూ ఉంది. కాబట్టి ఫారాన్ని నమూనా జ్ఞాపకానికి వదలకుండా విడిగా ఒక ప్రోగ్రామ్‌లో ఉంచి, మెనూతో సరిచూడటమే క్షేమం. బాట్‌ను పరీక్షించేవారు ప్రతి మాట తర్వాత ఆ ఫారాన్ని తెరిచి చూడాలి. మెనూ పరీక్షలో చెల్లనందుకు ఖాళీ అయిన గడి సంగతి వేరు. అది కాకుండా, కస్టమర్ ప్రస్తావించని గడి ఏదైనా మారి ఉంటే తప్పు అక్కడే ఉంది.