బొమ్మ రాకపోతే లెక్కేం కావాలి?

రెండో పీయూసీ పిల్లలకు మేం వాట్సాప్‌లో పంపిన లీనియర్ ప్రోగ్రామింగ్ లెక్కలో బొమ్మ ఎగిరిపోయింది. 'షేడ్ చేసిన ప్రాంతంలో Z గరిష్ఠ విలువ ఎంత?' అన్న ప్రశ్నే మిగిలింది. షరతులన్నీ బొమ్మలోనే ఉండిపోయాయి.

అసలు కాగితం తీసి చూశాం. ఒక గీత (6,0), (0,6) మీదుగా, రెండోది (4,0), (0,8) మీదుగా పోతున్నాయి. రెండు గీతలకూ మూలబిందువు ఉన్న వైపే షేడ్ ఉంది. కాబట్టి రెండింటికీ ≤ పెట్టి ఇలా టైపు చేశాం:

```
Z = 5x + 3y
x + y ≤ 6
2x + y ≤ 8
x ≥ 0, y ≥ 0
```

మూలలు (0,0), (4,0), (2,4), (0,6). అక్కడ Z వరుసగా 0, 20, 22, 18. జవాబు 22.

రెండో షరతులో పొరపాటున ≥ పడితే గీతలు మారవు, ప్రాంతం మారుతుంది. మూలలు (4,0), (6,0), (2,4) అవుతాయి, జవాబు 30కి పోతుంది. అందుకే గీతల సమీకరణాలు రాస్తే చాలదు, ప్రతి గుర్తూ రాయాలి.

ఇప్పుడు బొమ్మ చూడని మరో టీచరు చేత, టైపు చేసిన వరుసలతోనే గ్రాఫు గీయించాకే పిల్లలకు పంపుతున్నాం.