డిప్రెషన్ మందు మార్చేటప్పుడు: ఒకటి తగ్గిస్తూ, ఇంకొకటి పెంచుతూ

వాడుతున్న డిప్రెషన్ మందును విడతలుగా తగ్గిస్తూ, అదే సమయంలో కొత్త మందును చిన్న మోతాదుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడాన్ని వైద్యులు క్రాస్ టేపరింగ్ అంటారు. కొన్ని వారాల పాటు రెండు మందులూ ఒంట్లో కలిసే ఉంటాయి. పాత మందును ఒక్కసారిగా ఆపేస్తే తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమి మొదలవుతాయి. పూర్తిగా ఆపి, ఖాళీ ఇచ్చి కొత్తది మొదలుపెడితే ఆ ఖాళీలో జబ్బు తిరగబెట్టవచ్చు. ఈ రెండు ఇబ్బందుల నుంచీ తప్పించుకోవడానికే ఈ పద్ధతి. అయితే రెండు మందులు కలిసి ఉండే రోజుల్లో వాటికవే పొసగకపోతే కొత్త ప్రమాదం వస్తుంది. అందుకే ఏ జంటను ఇలా మార్చవచ్చో, ఏ జంటను మార్చకూడదో ఫ్యామిలీ డాక్టరు ముందే తేల్చుకోవాలి.

మందు మార్చాలన్న నిర్ణయానికి ముందు పాత మందుకు తగిన అవకాశం ఇచ్చారా లేదా అన్నది చూడాలి. సరిపడా మోతాదులో కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు రోజూ వేసుకుంటే తప్ప మందు పనిచేయలేదని చెప్పలేం. మధ్యలో మానేస్తూ వాడినవాళ్లకు కావలసింది కొత్త మందు కాకపోవచ్చు. ఎప్పుడైనా నిద్ర అవసరం లేకుండా రోజుల తరబడి పట్టరాని హుషారుతో, అతిగా మాట్లాడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెడుతూ గడిపారా అని కూడా అడగాలి. అలా జరిగి ఉంటే అది బైపోలార్ జబ్బు కావచ్చు. దాన్ని మానసిక వైద్యుడికి అప్పగించడమే మంచిది.

ఆ తర్వాత రోగి ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ తెప్పించి చూడాలి. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఇంట్లో ఉండొచ్చు. మన దగ్గర ఎస్సిటాలోప్రామ్‌తో క్లోనజెపామ్ కలిపిన మాత్రలు విరివిగా రాస్తారు. అలాంటి మాత్రను ఆపితే నిద్రకూ ఆందోళనకూ ఇచ్చే క్లోనజెపామ్ కూడా ఆగిపోతుంది. దాన్ని విడిగా, ఇంకా నెమ్మదిగా తగ్గించవలసి ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 58 ఏళ్ల మహిళ ఎనిమిది వారాలుగా రోజూ ఉదయం సెర్ట్రలిన్ 100 మి.గ్రా. క్రమం తప్పకుండా వాడుతోంది. దిగులు పెద్దగా తగ్గలేదు. నిద్ర పట్టడం లేదు, తిండి సహించడం లేదు. నిద్రనూ ఆకలినీ పెంచే గుణం ఉన్న మిర్టాజపిన్‌కు మార్చాలని డాక్టరు అనుకున్నాడు. స్ట్రిప్పులు చూస్తే మోకాళ్ల నొప్పికి మరో డాక్టరు రాసిన ట్రమడాల్ కనిపించింది. అది కూడా సెరటోనిన్‌ను పెంచే మందే కాబట్టి, ముందు దాన్ని మాన్పించి నొప్పికి వేరే మందు ఇచ్చాడు.

మొదటి వారం సెర్ట్రలిన్ 75 మి.గ్రా. ఉదయం, మిర్టాజపిన్ 7.5 మి.గ్రా. రాత్రి. రెండో వారం 50, 15. మూడో వారం 25, 15. నాలుగో వారం సెర్ట్రలిన్ ఆగిపోతుంది. మిర్టాజపిన్ 15 దగ్గరే ఉంచాలా, 30కి పెంచాలా అన్నది అప్పటి పరిస్థితిని బట్టి ఉంటుంది. ఈ లెక్క అందరికీ ఒకేలా నప్పదు. ఏళ్ల తరబడి మందు వాడినవాళ్లకు, ఇంతకు ముందు ఆపబోయి అవస్థ పడినవాళ్లకు నెలలు పట్టవచ్చు. మిర్టాజపిన్ మొదలైన రోజుల్లో మరుసటి ఉదయం దాకా మగత ఉండొచ్చు. ఆ రోజుల్లో బండి నడపకపోవడం మేలు. కొత్త మందు మేలు కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది.

రెండో వారంలో ఆమెకు తలతిరుగుతోంది, తల పక్కకు తిప్పితే కరెంటు షాక్ కొట్టినట్టుంది అనుకుందాం. జబ్బు తిరగబెట్టిందా, పాత మందు తగ్గించడం వల్ల వచ్చిందా అన్నది తెలుసుకోవాలి. మందు తగ్గించిన రెండు మూడు రోజుల్లోనే మొదలై, జబ్బులో ఎన్నడూ లేని లక్షణాలు కనిపిస్తే అది చాలావరకు మందు తగ్గించిన ప్రభావమే. జబ్బు తిరగబెడితే పాత దిగులు వారాల మీద మెల్లగా తిరిగి వస్తుంది. మొదటిదే అయితే ముందు విడత మోతాదుకు వెళ్తే సాధారణంగా కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. అక్కడ ఒకటి రెండు వారాలు ఆగి, తర్వాత ఇంకా చిన్న విడతలతో దిగాలి.

మూడోది సెరటోనిన్ సిండ్రోమ్. ఒంట్లో సెరటోనిన్ మితిమీరితే మోతాదు పెంచిన కొన్ని గంటల్లోనో, ఒక రోజులోనో వణుకు, చెమటలు, విరేచనాలు, నిలకడలేని కంగారు మొదలవుతాయి. డాక్టరు పాదాన్ని పైకి వంచి పట్టుకుంటే అది దానంతటదే టకటకా కొట్టుకుంటుంది. ఈ పరీక్ష ముఖ్యమైన గుర్తు. జ్వరం, కండరాలు బిగుసుకోవడం, మతి తప్పడం కనిపిస్తే ఆ మందులన్నీ ఆపి వెంటనే ఆసుపత్రికి పంపాలి. సెర్ట్రలిన్–మిర్టాజపిన్ జంటతో ఇది అరుదు. ట్రమడాల్ లాంటి మూడో మందు తోడైతే అపాయం పెరుగుతుంది. మందులకు లొంగని క్షయకు ఇచ్చే లినజోలిడ్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. క్షయ మందులు రాసే డాక్టరుకు డిప్రెషన్ మందుల సంగతి తప్పకుండా తెలియాలి.

ఈ పద్ధతి పనికిరాని సందర్భాలున్నాయి. ఫ్లూఓక్సెటిన్, శరీరంలో దాని నుంచి తయారయ్యే పదార్థం, మాత్ర ఆపాక కూడా వారాల తరబడి ఒంట్లో ఉంటాయి. పైగా ఎమిట్రిప్టిలిన్ లాంటి పాత తరం మందులను కాలేయం కరిగించకుండా ఫ్లూఓక్సెటిన్ అడ్డుపడుతుంది. అందువల్ల వాటి మట్టం రక్తంలో అనుకున్నదానికంటే బాగా పెరిగి నోరు ఎండిపోవడం, మూత్రం బిగపట్టడం, గుండె లయ తప్పడం జరగొచ్చు. అలా మార్చేటప్పుడు ఫ్లూఓక్సెటిన్ ఆపి నాలుగు నుంచి ఏడు రోజులు ఆగి, రెండోదాన్ని చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టి బాగా నెమ్మదిగా పెంచాలి. తలనొప్పికో, నరాల నొప్పికో వేరే డాక్టరు 10 మి.గ్రా. ఎమిట్రిప్టిలిన్ రాసి ఉన్నా ఈ లెక్కలోకి తీసుకోవాలి.

ఎంఏఓ నిరోధకాలనే వర్గం మందులతో అసలు కలపకూడదు. వాటిని ఆపాక కొత్త మందుకు రెండు వారాలు, ఫ్లూఓక్సెటిన్ ఆపాక వాటిని మొదలుపెట్టడానికి ఐదు వారాలు ఆగాలి. క్లోమిప్రమిన్‌నూ సెరటోనిన్‌ను పెంచే ఇతర మందులతో ఇలా కలిపి మార్చరు. ఇలాంటి మార్పులు, ఆత్మహత్య ఆలోచనలున్న రోగులు మానసిక వైద్యుడి పర్యవేక్షణలోనే ఉండాలి. పాతికేళ్ల లోపు వయసువారిని మార్పు మొదలైన వారంలోగా మళ్లీ చూడాలి. మూత్రం మాత్రలు వాడే వృద్ధులకు నీరసమో, తికమకో వస్తే రక్తంలో సోడియం పరీక్ష చేయించాలి.

మందు మార్చే రోజు రోగి చేతికి తేదీలవారీగా ఏ మాత్ర ఎన్ని మిల్లీగ్రాములో తెలుగులో రాసిన కాగితం ఇవ్వాలి. ఇంట్లో ఒకరికి ఆ కాగితం చదివి వినిపించాలి. పాత స్ట్రిప్పు మిగిలితే దాన్ని పక్కన పెట్టమని చెప్పాలి. ఏ విడతలోనైనా ఇబ్బంది వస్తే రోగి తనంతట తాను మాత్ర ఆపకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. వణుకు, జ్వరం, మతి తప్పడం, చనిపోవాలన్న ఆలోచన ఉంటే మాత్రం ఫోన్ కోసం చూడకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.